తెలిసినదానికి ‘ఇంగ్’ ఎందుకు రాదు?

ఇంగ్లిషులో వర్తమానం చెప్పడానికి ఎక్కువగా వాడేవి రెండు రూపాలు. ‘షీ టీచెస్ మ్యాథ్స్’ అనేది సింపుల్ ప్రెజెంట్. ‘షీ ఈజ్ టీచింగ్ మ్యాథ్స్’ అనేది ప్రెజెంట్ కంటిన్యువస్. రెండు వాక్యాల్లోనూ మనిషి ఒకరే, పని ఒకటే. మొదటి వాక్యం వింటే ఆమె లెక్కల టీచరని తెలుస్తుంది. ఆ మాట అనే సమయానికి ఆమె ఇంట్లో నిద్రపోతున్నా, వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లినా ఆ వాక్యం నిజమే. రెండో వాక్యం వింటే ఆమె ఇప్పుడు క్లాసులో ఉందని, పాఠం మధ్యలో ఉందని తెలుస్తుంది. గంట కొట్టాక ఆమె స్టాఫ్ రూముకి వెళ్లిపోతే ఆ వాక్యానికి కాలం చెల్లినట్టే.

అంటే ఈ రెండు రూపాలూ చెప్పేది పని ఎప్పుడు జరుగుతోందన్న సంగతి ఒక్కటే కాదు. మాట్లాడేవారు ఆ పనిని ఎలా చూస్తున్నారో కూడా చెబుతాయి. సింపుల్ ప్రెజెంట్ పనిని మొత్తంగా, బయటి నుంచి చూస్తుంది. అలవాటు, వృత్తి, స్వభావం, ఎప్పుడూ ఉండే నిజం దాని పరిధిలోకి వస్తాయి. కంటిన్యువస్ పని లోపల నిలబడి చూస్తుంది. పని మొదలైంది, ఇంకా ముగియలేదు, మధ్యలో ఉంది అంటుంది.

రూపాలు కట్టడం కష్టమేమీ కాదు. సింపుల్ ప్రెజెంట్‌లో క్రియ ఉన్నదున్నట్టు ఉంటుంది. కర్త ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ అయినప్పుడు మాత్రం చివర ‘ఎస్’ చేరుతుంది. ప్రశ్నకీ, కాదనడానికీ ‘డూ’, ‘డజ్’ వస్తాయి. కంటిన్యువస్‌లో ‘యామ్’, ‘ఈజ్’, ‘ఆర్’లలో ఒకటి ముందు వచ్చి, క్రియకు ‘ఇంగ్’ తగులుతుంది. ఏ రూపం ఎక్కడ వాడాలన్నదే అసలు చిక్కు. తెలుగు మాట్లాడేవారికి ఆ చిక్కు ఎక్కడ పడుతుందో తెలియాలంటే తెలుగు క్రియనే ముందు చూడాలి.

‘తాను’కూ ‘తున్నాను’కూ మధ్య

‘చేస్తున్నాను’ అన్న మాటను విడదీస్తే ‘చేస్తూ ఉన్నాను’ అని వస్తుంది. ఒక క్రియకు ‘ఉండు’ తోడైంది. ఇంగ్లిషులో ‘యామ్ డూయింగ్’ కూడా అలాగే ఒక క్రియకు ‘ఉండు’ అనే అర్థమున్న మాట తోడై ఏర్పడింది. రెండు భాషల్లోనూ కట్టుబడి ఒకేలా ఉండటంతో ‘తున్నాను’ అంటే ‘ఇంగ్’ అన్న సమీకరణం స్కూల్లోనే మనసులో పడిపోతుంది. ‘వర్షం పడుతోంది’ అంటే ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. ఇక్కడ సమీకరణం సరిగ్గా కుదిరింది. అన్ని చోట్లా కుదరదు.

మొదటి కారణం ‘తాను’ రూపంలో ఉంది. ‘నేను రోజూ టీ తాగుతాను’ అన్నప్పుడు అది అలవాటు. ‘కాసేపాగి తాగుతాను’ అన్నప్పుడు అది భవిష్యత్తు. తెలుగు ఈ రెండింటినీ ఒకే రూపంతో చెబుతుంది. ‘నేను టీ తాగను’ అన్నా అంతే. అలవాటు లేదని కావచ్చు, ఇప్పుడు వద్దని కావచ్చు. ఇంగ్లిషులో మాత్రం అలవాటుకు ‘ఐ డ్రింక్ టీ’, తర్వాత తాగేదానికి ‘ఐ విల్ డ్రింక్’ వేరు. ‘రోజూ’, ‘కాసేపాగి’ లాంటి మాటలు తెలుగులో చేసే పనిని ఇంగ్లిషులో క్రియే చేస్తుంది.

రెండో కారణం ‘తున్నాను’ పరిధి. అది ఇంగ్లిషు ‘ఇంగ్’ కన్నా చాలా దూరం వెళ్తుంది. ‘మా అబ్బాయి బ్యాంకులో పని చేస్తున్నాడు’ అని తండ్రి చెప్పినప్పుడు ఆ అబ్బాయి ఆదివారం ఇంట్లో టీవీ చూస్తూ ఉండవచ్చు. తెలుగులో అది ఉద్యోగం గురించి చెప్పిన మాట, ఈ క్షణం గురించి కాదు. ఇంగ్లిషులో దానికి తగింది ‘మై సన్ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్’. ‘మై సన్ ఈజ్ వర్కింగ్ ఇన్ ఎ బ్యాంక్’ అన్నా తప్పు కాదు కానీ, వినేవారికి ఇంకో ఛాయ తోస్తుంది. ఆ ఉద్యోగం తాత్కాలికమనీ, కొన్నాళ్లకు మారవచ్చనీ అనిపిస్తుంది. కంటిన్యువస్‌కి ఈ క్షణంతో పాటు ‘ప్రస్తుతానికి’ అన్న అర్థం కూడా ఉండటమే అందుకు కారణం. ఇల్లు బాగు చేయిస్తూ నెలరోజులు చెల్లెలి ఇంట్లో ఉంటున్న మనిషి ‘ఐ యామ్ లివింగ్ విత్ మై సిస్టర్’ అనవచ్చు. పాతికేళ్లుగా వరంగల్‌లో స్థిరపడ్డ మనిషి మాత్రం ‘ఐ లివ్ ఇన్ వరంగల్’ అనాలి.

స్థితికి మధ్య భాగం ఉండదు

అసలు పట్టు స్థితి క్రియల దగ్గర ఉంది. వీటిని ఇంగ్లిషు వ్యాకరణంలో స్టేటివ్ వెర్బ్స్ అంటారు. ‘నో’ అంటే తెలిసి ఉండటం, ‘వాంట్’ అంటే కావాలనుకోవడం, ‘లైక్’ అంటే ఇష్టపడటం, ‘ఓన్’ అంటే సొంతంగా కలిగి ఉండటం. ఈ క్రియలు మామూలుగా ‘ఇంగ్’ రూపాన్ని దగ్గరికి రానివ్వవు. ‘ఐ నో హిమ్’ అనాలి, ‘ఐ యామ్ నోయింగ్ హిమ్’ అనకూడదు.

ఇది కేవలం బట్టీ పట్టవలసిన జాబితా కాదు. దీని వెనుక ఒక తర్కం ఉంది. తత్త్వవేత్త జీనో వెండ్లర్ 1957లో రాసిన వ్యాసంలో ఇంగ్లిషు క్రియలను కాలంతో వాటికున్న సంబంధాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీశాడు. అందులో స్థితులను ఒక రకంగా పెట్టాడు. భాషాశాస్త్రంలో ఆ విభజన ఇప్పటికీ ఆధారంగా ఉంది. దాని సారాన్ని ఒక ఉదాహరణలో చూడవచ్చు. ఉత్తరం రాయడానికి దశలుంటాయి. కాగితం తీయడం, మొదటి వాక్యం, చివరి వాక్యం, సంతకం. రాసేవారిని మధ్యలో ఆపవచ్చు, ఆపితే ఉత్తరం సగంలో ఉంటుంది. ఒక ఫోన్ నంబరు తెలిసి ఉండటానికి అలాంటి దశలు లేవు. ఉదయం ఎంత తెలుసో మధ్యాహ్నం అంతే తెలుసు. దాని మధ్యలో ఉండటమన్నది లేదు, సగంలో ఆపడమన్నది లేదు. కంటిన్యువస్ పని అంతా మధ్య భాగాన్ని చూపించడమే. మధ్య భాగమే లేనిదానికి ఆ రూపం పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఒక క్రియ స్థితిని చెబుతోందో, పనిని చెబుతోందో తేల్చుకోవడానికి రెండు పరీక్షలు పనికొస్తాయి. మొదటిది, ‘ఇప్పుడేం చేస్తున్నావు?’ అన్న ప్రశ్నకు ఆ క్రియ జవాబుగా నిలబడుతుందా అని చూడటం. ‘చదువుతున్నాను’, ‘వండుతున్నాను’ నిలబడతాయి. ఆ ప్రశ్నకు ‘నాకు ఇంటి అడ్రసు తెలుసు’ అని ఎవరూ జవాబు చెప్పరు. రెండోది, ఆ క్రియతో ఎవరికైనా ఆజ్ఞ ఇవ్వగలమా అని చూడటం. ‘చదువు’, ‘నేర్చుకో’ అని పిల్లలకు చెప్పవచ్చు. తెలిసి ఉండమనీ, పొడుగ్గా ఉండమనీ ఆజ్ఞాపించడం కుదరదు. నేర్చుకోవడం పని, దాని ఫలితంగా వచ్చిన తెలివిడి స్థితి. అందుకే ‘షీ ఈజ్ లర్నింగ్ తమిళ్’ సహజం, ‘షీ ఈజ్ నోయింగ్ తమిళ్’ అసహజం.

తెలుగు సాయపడే చోటు, దారి తప్పించే చోటు

ఈ విషయంలో తెలుగువారికి చేతిలోనే ఒక ఆధారం ఉంది. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’, ‘నాకు ఇష్టం’, ‘నాకు గుర్తుంది’. ఈ నాలుగు వాక్యాల్లోనూ ‘నేను’ లేదు, ‘నాకు’ ఉంది. ‘తున్నాను’ కూడా లేదు. ‘తెలుసుతున్నాను’ అనీ, ‘కావాలుతున్నాను’ అనీ తెలుగు పుట్టాక ఎవరూ అనలేదు. తెలివిడి, కోరిక, ఇష్టం, జ్ఞాపకం మనిషి చేసే పనులు కావనీ, మనిషికి కలిగి ఉండే స్థితులనీ తెలుగు తన వాక్య నిర్మాణంలోనే చెబుతోంది. ఇంగ్లిషు ఇదే సంగతిని ‘ఇంగ్’ను నిరాకరించి చెబుతుంది. ‘ఐ నో’, ‘ఐ వాంట్’, ‘ఐ లైక్’, ‘ఐ రిమెంబర్’.

‘తెలుసు’ పక్కనే ‘తెలుస్తోంది’ అన్న మాట కూడా ఉంది. ‘ఇప్పుడిప్పుడే సంగతి తెలుస్తోంది’ అంటే అంతకుముందు తెలియనిది కొద్దికొద్దిగా తెలిసివస్తోందని. అది స్థితి కాదు, మార్పు. ఆ అర్థానికి ఇంగ్లిషు కూడా ‘ఇంగ్’ను ఒప్పుకుంటుంది కానీ క్రియను మారుస్తుంది. ‘ఐ యామ్ గెటింగ్ టు నో’ అనో, ‘ఐ యామ్ బిగినింగ్ టు అండర్‌స్టాండ్’ అనో అంటారు.

తెలుగు దారి తప్పించేది ఇంకో గుంపు క్రియల దగ్గర. ‘అది నిజమని అనుకుంటున్నాను’, ‘నేను నిన్ను నమ్ముతున్నాను’, ‘మీరు చెప్పేది అర్థమవుతోంది’, ‘ఆమెను ప్రేమిస్తున్నాను’, ‘మీ మాట వినిపిస్తోంది’. ఇవన్నీ స్థితులే అయినా తెలుగులో సహజంగా ‘తున్న’, ‘తోంది’ రూపాలే వస్తాయి. వాటిని మాటకు మాట మార్చితే ‘ఐ యామ్ థింకింగ్ ఇట్ ఈజ్ ట్రూ’, ‘ఐ యామ్ బిలీవింగ్ యూ’, ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ అని వస్తాయి. ఇంగ్లిషులో ఇవి ‘ఐ థింక్’, ‘ఐ బిలీవ్ యూ’, ‘ఐ అండర్‌స్టాండ్’, ‘ఐ లవ్ హర్’. ‘వినిపిస్తోంది’ అన్న మాటకు ‘ఐ హియర్’ కన్నా ‘ఐ కెన్ హియర్ యూ’ సహజం. ఫోన్‌లో ‘నా మాట వినిపిస్తోందా?’ అని అడగడానికి ‘ఆర్ యూ హియరింగ్ మీ?’ కాకుండా ‘కెన్ యూ హియర్ మీ?’ అనేది ఇందుకే.

అయితే ‘తెలుసు’కు తెలుగులో ‘తున్న’ రూపమే లేనప్పుడు ‘ఐ యామ్ నోయింగ్’ అన్న మాట తెలుగువారి నోట ఎలా వస్తోంది? ఒక్కో వాక్యాన్నీ తెలుగులోంచి మార్చుకోవడం వల్ల కాదు. ‘ఇప్పటి సంగతి అయితే ఇంగ్’ అన్న సూత్రం ఒకసారి పాతుకుపోయాక అది అన్ని క్రియలకూ పాకుతుంది. ఈ అలవాటు తెలుగువారిది మాత్రమే కాదు. హిందీ, తమిళం మాట్లాడేవారి ఇంగ్లిషులోనూ కనిపిస్తుంది. భారతీయ ఇంగ్లిషు లక్షణాల్లో ఒకటిగా భాషావేత్తలు దీన్ని నమోదు చేశారు. కవి నిస్సిం ఎజెకియల్ ‘గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్ప టి.ఎస్.’ అనే కవితను ఈ ధోరణి చుట్టూనే అల్లాడు.

ఒకే క్రియ, రెండు ముఖాలు

స్థితి క్రియల జాబితాను బట్టీ పట్టినవారు కూడా కొన్ని చోట్ల తడబడతారు. ఒకే ఇంగ్లిషు మాట ఒక చోట స్థితిగా, మరో చోట పనిగా ఉండటం దానికి కారణం. వంటింట్లో పొయ్యి మీద సాంబారు ఉడుకుతోందనుకుందాం. ఇల్లాలు గరిటెతో కాస్త తీసి అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించింది. అది పని. ‘షీ ఈజ్ టేస్టింగ్ ద సాంబార్’. ఉప్పు ఎక్కువైందని తెలిసింది. అది సాంబారుకున్న గుణం. ‘ద సాంబార్ టేస్ట్స్ సాల్టీ’. క్రియ రెండు చోట్లా ‘టేస్ట్’ ఒక్కటే. తెలుగు ఈ రెండింటికీ వేర్వేరు మాటలు వాడుతుంది. ‘రుచి చూస్తోంది’ అనేది ఒకటి, ‘ఉప్పగా ఉంది’ అనేది ఇంకొకటి. ‘చూడటం’ ఉన్నచోట ‘ఇంగ్’, ‘ఉండటం’ ఉన్నచోట సింపుల్.

‘వే’ కూడా అంతే. కూరగాయల వ్యాపారి వంకాయలు తూస్తున్నాడు, ‘హీ ఈజ్ వేయింగ్’. వంకాయలు రెండు కిలోలున్నాయి, ‘దే వే టూ కిలోస్’. ‘స్మెల్’ దగ్గర మాత్రం తెలుగు ఆధారం జారిపోతుంది. పాలు విరిగాయేమోనని గిన్నె దగ్గర ముక్కు పెడితే ‘షీ ఈజ్ స్మెల్లింగ్ ద మిల్క్’. పాలే వాసన వేస్తుంటే తెలుగులో ‘వాసన వస్తోంది’ అంటారు. ‘తోంది’ ఉంది కదా అని ‘ద మిల్క్ ఈజ్ స్మెల్లింగ్’ అనిపిస్తుంది. పాలు ఏ పనీ చేయడం లేదు, వాటికి ఆ గుణం ఉంది. అందుకే ‘ద మిల్క్ స్మెల్స్ బ్యాడ్’ అనాలి.

‘హ్యావ్’ కలిగి ఉండటం అయితే స్థితి. ‘ఐ హ్యావ్ టూ సిస్టర్స్’, ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’. భోజనం చేయడం, స్నానం చేయడం, మీటింగు జరపడం అన్న అర్థాల్లో అది పని. ‘దే ఆర్ హ్యావింగ్ లంచ్’ నిక్షేపంగా అనవచ్చు. ‘థింక్’ అభిప్రాయమైతే ‘ఐ థింక్ హీ ఈజ్ రైట్’, బుర్రలో నడుస్తున్న ఆలోచన అయితే ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ద లోన్’. తెలుగులో మొదటిది ‘అనుకుంటున్నాను’, రెండోది ‘ఆలోచిస్తున్నాను’. తెలుగు మాటను చూసుకుంటే ఇంగ్లిషు రూపం తేలిపోతుంది.

అన్నిటికన్నా సున్నితమైనది ‘బీ’. ‘హీ ఈజ్ స్టబన్’ అంటే అతను మొండివాడు, అది స్వభావం. ‘హీ ఈజ్ బీయింగ్ స్టబన్’ అంటే మామూలుగా ఎలా ఉన్నా ఇప్పుడు మొండిగా ప్రవర్తిస్తున్నాడని. ఇలా చేయడం మనిషి చేతిలో ఉన్న గుణాలకే కుదురుతుంది. మర్యాద, మొండితనం, గారాబం అలాంటివి. పొడుగు మనిషి చేతిలో లేదు కనుక ‘హీ ఈజ్ బీయింగ్ టాల్’ అనడం కుదరదు.

ఒక ఇంటర్వ్యూ, ఏడు వాక్యాలు

అకౌంట్స్ ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థి తనను పరిచయం చేసుకుంటూ చెప్పగల ఏడు వాక్యాల మీద ఈ సూత్రాలను నడిపి చూడవచ్చు.

మొదటి వాక్యం ‘ఐ యామ్ హ్యావింగ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’. అనుభవం కలిగి ఉండటం స్థితి, కాబట్టి ‘ఐ హ్యావ్’. రెండోది ‘ఐ యామ్ నోయింగ్ ట్యాలీ’. ‘నాకు తెలుసు’ అన్న తెలుగు వాక్యమే దారి చూపిస్తుంది, ‘ఐ నో ట్యాలీ’. మూడోది ‘ఎవ్రీ డే ఐ యామ్ చెకింగ్ ద అకౌంట్స్’. ‘చెక్’ పనిని చెప్పే క్రియే కానీ, ‘ఎవ్రీ డే’ దాన్ని అలవాటుగా మార్చింది. ‘ఐ చెక్ ద అకౌంట్స్ ఎవ్రీ డే’ అనాలి.

నాలుగోది ‘దిస్ మంత్ ఐ యామ్ ట్రైనింగ్ టూ న్యూ క్లర్క్స్’. ఇది ఉన్నదున్నట్టు సరైనదే. ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నప్పుడు అతను ఎవరికీ శిక్షణ ఇవ్వడం లేదు. అయినా ఆ పని ఈ నెలకే పరిమితమైంది, మొదలై ఇంకా ముగియలేదు. ఐదోది ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ విజయవాడ విత్ మై పేరెంట్స్’. ఇక్కడ వ్యాకరణం తప్పలేదు, నిజం తప్పవచ్చు. అది సొంత ఇల్లయితే, వినేవారికి అతను కొద్దిరోజులకు అక్కడ ఉంటున్నాడని తోస్తుంది. ‘ఐ లివ్ ఇన్ విజయవాడ’ అంటే ఆ అనుమానం రాదు.

ఆరోది ‘ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ స్మాల్ ఫర్మ్ సిన్స్ 2021’. ‘2021 నుంచి పని చేస్తున్నాను’ అన్న తెలుగు వాక్యం దీని వెనుక ఉంది. గతంలో మొదలై ఇప్పటిదాకా సాగినదాన్ని చెప్పడానికి ఇంగ్లిషులో ఈ రెండు రూపాలూ చాలవు. మూడో రూపం కావాలి, ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్’. ‘సిన్స్’ కనిపించిన చోట ముందుగా ఈ రూపాన్నే చూసుకోవాలి. ఏడోది ‘ఐ యామ్ వాంటింగ్ టు జాయిన్ యువర్ కంపెనీ’. కోరిక స్థితి కాబట్టి ‘ఐ వాంట్’ అన్నది వ్యాకరణం. ఇంటర్వ్యూలో అది కాస్త కటువుగా వినిపిస్తుంది కనుక ‘ఐ వుడ్ లైక్ టు జాయిన్’ అనడం మర్యాద.

ఏడు వాక్యాల్లో సరైన ‘ఇంగ్’ నాలుగో దానిలో నిలిచింది. ఐదో దానిలో పరిస్థితిని బట్టి నిలుస్తుంది. ఆరో దానిలో వేరే రూపంలోకి వెళ్లింది. మిగిలిన నాలుగు చోట్లా తీసేయవలసి వచ్చింది.

సూత్రం సడలే చోట్లు

ఈ విభజన ఇంగ్లిషులో మొదటి నుంచీ ఇంత గట్టిగా లేదు. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో పుస్తకం చేతిలో ఉన్న యువరాజును ఏం చదువుతున్నారని పొలోనియస్ అడుగుతాడు. ఆ ప్రశ్న సింపుల్ ప్రెజెంట్‌లోనే ఉంటుంది. ఇవాళ అదే ప్రశ్నకు కంటిన్యువస్ తప్పనిసరి. 1600 ప్రాంతంలో కంటిన్యువస్ రూపం ఉన్నా దాన్ని వాడి తీరాలన్న కట్టుబాటు ఇంకా ఏర్పడలేదు. ఆ తర్వాతి శతాబ్దాల్లో దాని పరిధి పెరుగుతూ వచ్చింది.

పెరుగుతూ వచ్చిన ఆ రూపం కొన్ని స్థితి క్రియల్లోకీ అడుగు పెట్టింది. మెక్‌డొనాల్డ్స్ 2003లో మొదలుపెట్టిన ప్రచార వాక్యం ‘ఐ యామ్ లవిన్ ఇట్’ అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. అక్కడ ‘లవ్’ శాశ్వతమైన ప్రేమ కాదు, తింటున్న ఈ క్షణంలోని ఆనందం. స్థితిని క్షణికమైన అనుభవంగా మార్చి చెప్పాలనుకున్నప్పుడు ఇంగ్లిషువారు ఈ వెసులుబాటును వాడుకుంటారు. ‘ఫీల్’కు ఒంట్లో ఎలా ఉందన్న అర్థంలో రెండు రూపాలూ సమానంగా చెల్లుతాయి. ‘ఐ ఫీల్ బెటర్’ అన్నా, ‘ఐ యామ్ ఫీలింగ్ బెటర్’ అన్నా ఒకటే. ‘ఐ యామ్ హోపింగ్’ అంటే ‘ఐ హోప్’ కన్నా కొంచెం మెత్తగా, అభ్యర్థనలా వినిపిస్తుంది. ‘నో’, ‘ఓన్’, ‘బిలాంగ్’ లాంటివి మాత్రం ఇప్పటికీ సడలలేదు. ‘వాంట్’కు ‘ఐ హ్యావ్ బీన్ వాంటింగ్ టు మీట్ యూ’ లాంటి చోట్ల, అంటే కొంతకాలంగా ఉన్న కోరికను చెప్పేటప్పుడు, ‘ఇంగ్’ వస్తుంది. ‘నాకు ఇప్పుడు కావాలి’ అనడానికి మాత్రం ‘ఐ వాంట్’ తప్ప మరో దారి లేదు.